కెమెరా కొనే ముందు రోజులు లెక్కపెట్టండి

చిన్నీకి, బుజ్జిగాడికి,

పెదనాన్న ఆశీస్సులు. మీ నాన్న మొన్న ఫోన్ చేసి, చిన్నీ రెండు లక్షల కెమెరా కావాలంటోందని చెప్పాడు. "ఐదేళ్లలో ఐదు వందల సార్లు వాడతాను, సారికి నాలుగు వందలే పడుతుంది" అని నువ్వు లెక్క కూడా చెప్పావటగా చిన్నీ. లెక్క వేసినందుకు చాలా సంతోషించాను. కానీ ఆ లెక్కలో పైన ఉన్న అంకె, కింద ఉన్న అంకె రెండూ సరిచూడాలమ్మా. స్టూడియో నడిపినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు కింది అంకె చూద్దాం. ఐదు వందలు నువ్వు ఆశపడుతున్న సంఖ్య. అసలు సంఖ్య నీ ఫోన్‌లోనే ఉంది. గ్యాలరీ తెరిచి, పోయిన సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు దాకా ఒక్కో రోజూ చూసుకుంటూ వెళ్లు. ఏ రోజున కిలోన్నర బరువున్న సంచి భుజాన వేసుకుని నిజంగా వెళ్లేదానివో ఆ రోజులే కాగితం మీద రాసుకో. హోటల్లో తిన్న దోసె ఫోటోలు లెక్కలోకి రావు. కాలేజీ ఫెస్ట్ మూడు రోజులు, పిన్ని కూతురి పెళ్లి రెండు రోజులు, అరకు వెళ్లిన నాలుగు రోజులు, ఇలా. మీ నాన్న చెప్పినదాన్ని బట్టి నాకు పద్నాలుగు తేలాయి. ఇంకో రెండు మూడు కలుపుకున్నా పర్వాలేదు.

ఇక పై అంకె. కెమెరా ధర మొత్తం ఖర్చు కాదు, ఎందుకంటే చివర్లో అమ్ముకోవచ్చు. అలాగని ధర ఒక్కటే ఖర్చూ కాదు. కెమెరా బాడీ, ఒక మంచి జూమ్ లెన్స్ కలిపి రెండు లక్షలు అనుకుందాం. ఇంకో బ్యాటరీ, రెండు మెమరీ కార్డులు, సంచి, తేమ తగలకుండా దాచే డబ్బా కలిపి ఇరవై వేలు. నాలుగేళ్లు వాడి అమ్మితే తొంభై వేలు వచ్చాయనుకో, నీ చేతి నుంచి నికరంగా పోయింది 1,30,000. మధ్యలో ఒకసారి సర్వీసింగ్‌కు పది వేలు. ఆ 2,20,000 బ్యాంకులో ఐదు శాతానికి వేసి ఉంటే నాలుగేళ్లలో వచ్చే వడ్డీ దాదాపు యాభై వేలు, అదీ పోయినట్టే. మొత్తం 1,90,000. ఏడాదికి 47,500.

అదే సరుకు అద్దెకు తెస్తే రోజుకు రెండున్నర వేలు అనుకుందాం, వెళ్లి రావడానికి ఆటో ఖర్చు కూడా అందులోనే. 47,500ను 2,500తో భాగిస్తే పందొమ్మిది. ఏడాదికి పందొమ్మిది రోజుల కంటే ఎక్కువ వాడితే కొనడం మేలు, తక్కువైతే అద్దె మేలు. నీ పద్నాలుగు రోజులకు అద్దె 35,000 అవుతుంది. సొంత కెమెరా అయితే రోజుకు 3,400 పడుతుంది. నువ్వనుకున్న నాలుగు వందలకూ దీనికీ ఎంత తేడా ఉందో చూడు. ధరలు ఊరిని బట్టి, మోడల్‌ను బట్టి మారతాయి కాబట్టి నా అంకెలు తీసేసి నీకు షాపువాళ్లు చెప్పిన అంకెలు పెట్టుకో. లెక్క మాత్రం ఇదే.

ఈ లెక్క నేను ముందే వేసుకుని ఉంటే బాగుండేది. 2009లో రాజమండ్రిలో, దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా తీసే 70-200 లెన్స్ ఒకటి తొంభై వేలు పెట్టి కొన్నాను. మండపం వెనక నుంచి తాళి కట్టే క్షణం తీయడానికి దాన్ని మించింది లేదు. కానీ మా హాళ్లు చిన్నవి, పీటల దగ్గరే నిలబడి తీసేవాణ్ణి. మూడేళ్లలో పదకొండు పెళ్లిళ్లకే బయటికి తీశాను. ఒక వానాకాలం అయ్యాక టార్చి వేసి లోపలికి చూస్తే అద్దం మీద సాలెగూడు లాంటి సన్నని పోగులు. ఫంగస్. గోదావరి ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ, తోలు సంచిలో మూసి ఉంచిన లెన్స్‌కు అది పడుతుంది. విప్పి శుభ్రం చేయించాను కానీ అద్దం మీది పూతను అప్పటికే తినేసింది. 28,000కు అమ్మాను. పోయిన 62,000ను పదకొండుతో భాగించండి, పెళ్లికి 5,600 పైనే. అప్పట్లో దాన్ని అద్దెకు తెచ్చుకుంటే అంతకంటే చాలా తక్కువే అయ్యేది. వాడని వస్తువు బీరువాలో ఉన్నంత మాత్రాన విలువ నిలబెట్టుకోదు, ముఖ్యంగా బాడీ. కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా పాతదాని ధర పడిపోతుంది. లెన్స్ దానికంటే నయం, తేమ తగలకుండా చూసుకుంటే.

అద్దెలో చిక్కులు లేవని కాదు. మాఘం, వైశాఖంలో మంచి ముహూర్తాలు పడ్డాయంటే పెళ్లి ఫోటోగ్రాఫర్లు ముందే బుక్ చేసేసుకుంటారు, నీకు దొరకదు. పదిహేను రోజుల ముందే అడ్వాన్స్ ఇచ్చి చెప్పుకోవాలి. ఆషాఢంలో, మూఢంలో అయితే వాళ్లే బతిమాలి తక్కువకు ఇస్తారు. రోజంటే ఇరవై నాలుగు గంటలా, రాత్రి తొమ్మిదికే తిరిగి ఇవ్వాలా అన్నది ముందే అడుగు. ఇక డిపాజిట్. నాకు తెలిసిన ఒక కుర్రాడు చూసుకోకుండా తీసుకెళ్లాడు. తిరిగి ఇచ్చేటప్పుడు లెన్స్ మీద గీత ఉందని డిపాజిట్‌లో సగం కోసేశారు. ఆ గీత ముందే ఉందని చూపించడానికి అతని దగ్గర ఏమీ లేదు.

అందుకే షాపులోనే, వాళ్ల ఎదురుగానే ఫోన్‌తో వీడియో తీయి. సీరియల్ నంబరు, లెన్స్ ముందు అద్దం, వెనక అద్దం, లెన్స్ బిగించే చోటు కనపడాలి. తర్వాత లెన్స్ రంధ్రం బాగా చిన్నదయ్యేలా f/16 పెట్టి తెల్లగోడనో ఆకాశాన్నో ఒక ఫోటో తీసి పెద్దది చేసి చూడు. నల్లటి చుక్కలు కనపడి, ఇంకో ఫోటోలోనూ అక్కడే ఉంటే సెన్సార్ మీద దుమ్ము ఉన్నట్టు. శుభ్రం చేసి ఇమ్మను. కార్డులు మాత్రం నీవే వాడు, వాళ్లవి వద్దు.

బుజ్జీ, నువ్వడిగిన లాప్‌టాప్ సంగతి వేరు. 60,000 పెట్టి కొన్నది నాలుగేళ్లు, ఏడాదికి మూడు వందల రోజులు వాడితే రోజుకు యాభై రూపాయలు. చివర్లో వచ్చే నాలుగు రూకలు వదిలేసినా అంతే. అది కొనుక్కోవాల్సిందే. లక్షా యాభై వేల గేమింగ్ లాప్‌టాప్ ఏడాదికి రెండు ప్రాజెక్టుల కోసం అంటే మాత్రం ఆ రెండు వారాలకే అద్దెకు తెచ్చుకో. తిరిగి ఇచ్చేటప్పుడు నీ అకౌంట్లన్నీ లాగౌట్ చేసి, నీ ఫైళ్లు తీసేసి ఇవ్వు.

చిన్నీ, నువ్వు ఇంకో మాట అంటావని తెలుసు. చేతిలో కెమెరా లేకపోతే నేర్చుకునేదెలా అని. నిజమే. నేర్చుకోవాలంటే రోజూ చేతిలో ఉండాలి, కానీ అది రెండు లక్షలది కానక్కర్లేదు. పాత బాడీ ఒకటి, 50 ఎంఎం లెన్స్ ఒకటి పాతిక ముప్పై వేల లోపు సెకండ్‌హ్యాండ్‌లో వెతుకుదాం. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో చూసి తీసుకోవాలి, నలభై యాభై వేల సార్లు దాటనిది అయితే హాయి. అద్దె షాపులో ఎక్కువగా దొరికే కంపెనీదే తీసుకుంటే, పెద్ద కెమెరా తెచ్చిన రోజున బటన్లు, మెనూలు వెతుక్కుంటూ టెన్షన్ పడక్కర్లేదు, నీ లెన్స్ కూడా దానికి సరిపోతుందేమో అడుగు.

దసరాకు వచ్చేటప్పుడు ఆ పద్నాలుగు రోజుల కాగితం తెచ్చుకో. బజారుకు కలిసి వెళదాం. టార్చి నేను తెస్తాను.

మీ పెదనాన్న