లీడ్ ఫామ్‌లో క్వాలిఫైయింగ్ ప్రశ్నలు: అపోహలు - వాస్తవాలు (రియల్ ఎస్టేట్ వాళ్ళకి)

నేను హైదరాబాద్ బిల్డర్లకి ఫేస్‌బుక్, ఇన్‌స్టా యాడ్స్ నడుపుతుంటా. యాడ్ నొక్కితే వచ్చే లీడ్ ఫామ్‌లో కొనేవాళ్ళని వడకట్టే ప్రశ్నల గురించి రోజూ వినేమాటలు కొన్ని ఇక్కడ పెడుతున్నా.

అపోహ: ఫేస్‌బుక్ లీడ్స్ అంటేనే ఫేక్.

ఫేక్ కాదండి, ఎక్కువమంది నిజం మనుషులే. ఫామ్ ఓపెన్ అవ్వగానే పేరు, ఫోన్, ఈమెయిల్ ప్రొఫైల్ నుంచి వాటంతటవే నిండిపోతాయి, వాళ్ళు రెండుసార్లు బొటనవేలు ఆనిస్తే లీడ్ అయిపోయింది. అందుకే ఫోన్ చేస్తే "నేనెక్కడ అడిగానండీ" అంటారు, కొన్నిసార్లు ఎప్పుడో వదిలేసిన నంబర్ వస్తుంది. ఫామ్ టైప్‌లో More volume బదులు Higher intent పెడితే పంపేముందు వివరాలు ఒకసారి సరిచూసుకునే స్క్రీన్ వస్తుంది, చెయ్యి జారి వచ్చిన లీడ్స్ కొన్ని అక్కడే ఆగుతాయి. ఓటీపీ ఆప్షన్ మీ అకౌంట్‌లో కనిపిస్తే అదీ ఆన్ చెయ్యండి. కానీ ఈ రెండూ నంబర్ సరైందా అనేదే చూస్తాయి, ఆ మనిషి కొనగలడా అనేది చూడవు.

అపోహ: ప్రశ్నలు ఎన్ని పెడితే క్వాలిటీ అంత.

"ఫ్లాట్ కొనే ఆసక్తి ఉందా? అవును / కాదు" అని పెడతారు చాలామంది, కాదు అని ఎవడు నొక్కుతాడు చెప్పండి. అందరూ ఒకే జవాబిచ్చే ప్రశ్న దండగ. జవాబుని బట్టి మీరు చేసే పని మారాలి, అలాంటివి రెండు మూడు చాలు.

తెల్లాపూర్‌లో ఒక త్రీ బీహెచ్‌కే ప్రాజెక్ట్ అనుకుందాం, ధర 1.05 కోట్ల నుంచి, హ్యాండోవర్ 2028 చివర్లో. "మీ బడ్జెట్ ఎంత?" అని ఊరికే అడిగితే జనం పైనున్న ఆప్షన్ నొక్కి వెళ్ళిపోతారు. ధర ప్రశ్నలోనే చెప్పెయ్యండి: "ధర 1.05 కోట్ల నుంచి మొదలు. మీరు ఎంతలో చూస్తున్నారు?" ఆప్షన్లు: 80 లక్షల లోపు, 80 లక్షలు - 1.05 కోట్లు, 1.05 - 1.25 కోట్లు, ఆ పైన. ఇందులో 80 లోపు అన్నవాళ్ళకే ఫామ్ మూసెయ్యాలి (కండిషనల్ లాజిక్‌లో జవాబుని బట్టి ఫామ్ క్లోజ్ చేసే వీలుంది). రెండో ఆప్షన్ వాళ్ళని మాత్రం వదలొద్దు, మనవాళ్ళు బేరానికని చేతిలో ఉన్నదానికన్నా తగ్గించే చెప్తారు, కోటి అన్నవాడు కోటీ పదికి కొన్న సందర్భాలు బోలెడు.

రెండో ప్రశ్న హ్యాండోవర్ గురించి. "2028 చివరిదాకా ఆగగలరా, వెంటనే గృహప్రవేశం చెయ్యాలా?" వెంటనే కావాలన్నవాళ్ళకి ఫామ్ మూయక్కర్లేదు, రెడీ టు మూవ్ ఇంకోటి ఉంటే ఆ టీమ్‌కి పంపండి. మూడోది టైప్ చేసేది: "ఇప్పుడు ఏ ఏరియాలో ఉంటున్నారు?" ఇక్కడ "hi" అనో "ok" అనో కొట్టినవాళ్ళు ఏ మాత్రం సీరియస్సో అర్థమైపోతుంది, కాల్ లిస్టులో అడుక్కి తోసెయ్యండి. బ్రోకర్లు కూడా ఫామ్ నింపుతారు కాబట్టి వాళ్ళ బెడద ఉన్నచోట "మీ కోసమా, క్లయింట్ కోసమా" అని కూడా అడగొచ్చు.

అపోహ: లీడ్ ఖరీదు పెరిగిందంటే యాడ్ పోయినట్టే.

లెక్క కోసం 30,000 రూపాయలు అనుకోండి. ప్రశ్నలు లేని ఫామ్‌లో లీడ్ 150 చొప్పున 200 వచ్చాయి, సైట్‌కి వచ్చింది 4 కుటుంబాలు, అంటే విజిట్‌కి 7,500. ప్రశ్నలున్న ఫామ్‌లో లీడ్ 400 చొప్పున 75 వచ్చాయి, సైట్‌కి 6 కుటుంబాలు, విజిట్‌కి 5,000. పైగా టెలికాలర్ అమ్మాయి 200 మందికి బదులు 75 మందికి చేస్తుంది, సాయంత్రానికి గొంతు మిగుల్తుంది. బిల్డర్ గారికి పంపే రిపోర్ట్‌లో మొదటి కాలమ్ లీడ్ ఖరీదు కాకుండా సైట్ విజిట్ ఖరీదు పెట్టండి, సగం గొడవ అక్కడే ఆగిపోతుంది. అయితే విజిట్లు కూడా పెరక్కుండా లీడ్ ఖరీదు ఒక్కటే పెరిగితే మాత్రం ప్రశ్నలు తప్పుగా పెట్టారనే అర్థం.

అపోహ: ఫిల్టర్ ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిది.

ఒక యాడ్ సెట్‌కి వారానికి సుమారు 50 లీడ్స్ వస్తేనే మెటా సిస్టమ్ యాడ్ ఎవరికి చూపాలో నేర్చుకునే లెర్నింగ్ దశ దాటుతుంది. పైన చెప్పిన 75 నెల మొత్తానికైతే వారానికి 20 కూడా రావు, ఇంక మూడు ప్రశ్నలకీ ఫామ్ మూసేస్తే అసలు కదలదు. అందుకే మూసేది బడ్జెట్ దగ్గర ఒక్కచోటే, మిగతావి కాల్ వరుస పెట్టుకోడానికి మాత్రమే. చిన్న బడ్జెట్‌ని నాలుగు యాడ్ సెట్లుగా చీల్చకుండా ఒక్కదాంట్లోనే పెట్టండి.

సీఆర్‌ఎమ్ ఉన్నవాళ్ళయితే ఎవరు సైట్‌కి వచ్చారో కన్వర్షన్స్ ఏపీఐ ద్వారా మెటాకి తిరిగి పంపొచ్చు, అప్పుడు ఫామ్ నింపేవాళ్ళని కాకుండా సైట్‌కొచ్చే రకాన్ని వెతకమని యాడ్‌కి చెప్పినట్టవుతుంది. సీఆర్‌ఎమ్ లేకపోతే షీట్ అయినా రోజూ దించుకోండి, 90 రోజులు దాటితే ఆ లీడ్స్ డౌన్‌లోడ్ అవ్వవు. ఇంకోటి, పబ్లిష్ చేసిన ఫామ్‌లో ప్రశ్న మార్చలేరు, డూప్లికేట్ చేసి కొత్తది పెట్టాలి, కాబట్టి ఫామ్ పేరులోనే తేదీ రాసుకుంటే ఏ లీడ్ ఏ ప్రశ్నలకి జవాబిచ్చిందో తర్వాత వెతుక్కోనక్కర్లేదు.