జీతం అద్దెకు మూడింతలు ఉండాలా? టెక్సస్ అద్దె ఇళ్లపై అపోహలు - వాస్తవాలు

డాలస్ చుట్టుపక్కల అద్దె ఇళ్ల వ్యవహారం చూసే పని నాది. ఇళ్ల ఓనర్లలోనూ, అద్దెకు వచ్చేవాళ్లలోనూ మన తెలుగువాళ్లు చాలామందే ఉంటారు. రెండు వైపుల నుంచీ తరచూ వినిపించే అపోహలు ఇవి.

అపోహ: నెల జీతం అద్దెకు మూడింతలు ఉండాలని చట్టం చెబుతుంది.

అలాంటి చట్టం లేదు. అది ఓనరు పెట్టుకునే షరతు. న్యూయార్క్‌లో ఇలాంటి లెక్కనే నెల అద్దెకు 40 రెట్లు ఏడాది జీతం ఉండాలని అడుగుతారు. సాధారణంగా చూసేది టాక్సులు పోకముందు జీతాన్నే. చేతికొచ్చే జీతంతో లెక్కేసుకుని, మనకు రాదులే అని వెనక్కి తగ్గినవాళ్లను చూశాను.

ఇంకో పొరపాటు పే స్టబ్ దగ్గర జరుగుతుంది. ఈమధ్య 2,050 డాలర్ల ఇంటికి ఒకమ్మాయి అప్లై చేసింది. కావాల్సింది నెలకు 6,150. ఆమెకు రెండు వారాలకోసారి 2,900 వస్తుంది. ఓనరు దాన్ని రెండుతో గుణించి "5,800 అండీ, సరిపోదు" అన్నాడు. రెండు వారాల జీతం ఏడాదికి 24 సార్లు కాదు, 26 సార్లు వస్తుంది. 2,900ని 26తో గుణిస్తే 75,400. పన్నెండుతో భాగిస్తే నెలకు 6,283. ఆమె అర్హురాలే. నెలకు రెండుసార్లు, అంటే 1న, 15న ఇచ్చే జీతానికి మాత్రం రెండుతో గుణిస్తే సరిపోతుంది. పే స్టబ్‌లో తేదీలు చూస్తే ఏ రకమో తెలుస్తుంది.

ఓనర్లకు ఒక మాట. ఈ మూడింతల లెక్కలో అప్పులు కనిపించవు. నెలకు 7,500 సంపాదిస్తూ కారు లోను, స్టూడెంట్ లోను, కార్డులకు కలిపి 1,700 కట్టే మనిషి కంటే, ఏ అప్పూ లేకుండా 6,000 సంపాదించే మనిషికి అద్దె కట్టడం తేలిక కావచ్చు. అందుకే షరతుల్లో "మూడింతలకు కొంచెం తగ్గితే గ్యారంటర్ కావాలి" అని ముందే రాసి పెట్టమంటాను. ఒకరికి సడలించి మరొకరికి కాదంటే వివక్ష ఫిర్యాదు రావచ్చు.

అపోహ: క్రెడిట్ స్కోరు లేకపోతే ఇల్లు దొరకదు.

స్కోరు లేకపోవడం వేరు, చెడిపోవడం వేరు. కొత్తగా దిగినవాళ్లకు హిస్టరీ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆఫర్ లెటర్, బ్యాంకు స్టేట్‌మెంట్, అవసరమైతే గ్యారంటర్ లేదా ఎక్కువ డిపాజిట్‌తో ఒప్పుకునే ఓనర్లు ఉన్నారు. ఫీజు కట్టకముందే "స్కోరు లేనివాళ్ల విషయంలో మీ పద్ధతి ఏంటండీ?" అని అడిగేయండి.

అపోహ: అప్లికేషన్ ఫీజు ఏం చేసినా తిరిగి రాదు.

మామూలుగా రాదు. టెక్సస్‌లో ఈ ఫీజుకు పరిమితి కూడా లేదు. న్యూయార్క్‌లో అయితే 20 డాలర్లు దాటకూడదు. కానీ టెక్సస్ చట్టం ప్రకారం, ఎవరికి ఇల్లు ఇస్తారో, ఏ కారణాలతో కాదంటారో ఆ షరతుల కాగితాన్ని ఓనరు అప్లికేషన్‌తో పాటే అందుబాటులో ఉంచాలి. అది ఇవ్వకుండా రిజెక్ట్ చేస్తే ఫీజు, అప్లికేషన్ డిపాజిట్ రెండూ వెనక్కి ఇవ్వాలి. "షరతులు చూశాను" అన్న చోట చూడకుండా సంతకం పెడితే మాత్రం తర్వాత వాదించడం కష్టం.

ఫీజు వేరు, అప్లికేషన్‌తో పాటు ముందుగా ఇచ్చే అప్లికేషన్ డిపాజిట్ వేరు. రిజెక్ట్ చేస్తే డిపాజిట్ తిరిగివ్వాల్సిందే. అప్లికేషన్ పూర్తిగా ఇచ్చాక ఏడు రోజుల్లోగా ఓనరు ఒప్పుకున్నట్టు చెప్పకపోయినా రిజెక్ట్ చేసినట్టే లెక్క.

అపోహ: నా ఇల్లు, కాదంటే కారణం చెప్పక్కర్లేదు.

క్రెడిట్ రిపోర్టో, బ్యాక్‌గ్రౌండ్ రిపోర్టో చూసి కాదంటే ఫెడరల్ చట్టం ప్రకారం నోటీసు ఇవ్వాలి. ఆ రిపోర్టు వల్లే ఎక్కువ డిపాజిట్ అడిగినా ఇవ్వాలి. రిపోర్టు ఏ సంస్థదో అందులో ఉండాలి. 60 రోజుల్లోగా అడిగితే ఆ సంస్థ కాపీ ఉచితంగా ఇవ్వాలి. అలాగే "తెలుగువాళ్లకే ఇస్తాం", "పిల్లలు లేనివాళ్లకే" అని వాట్సాప్‌లో పెట్టే ప్రకటనలు కూడా చట్టవిరుద్ధమే.

ఆ నోటీసు విలువ నాకు ఒక కుర్రాడి విషయంలో తెలిసొచ్చింది. రిపోర్టులో హ్యూస్టన్‌లో ఇల్లు ఖాళీ చేయించిన కేసు ఉంది. ఆ ఏడాది అతను ఇండియాలోనే ఉన్నాడు. ఇంటిపేరు, పేరు ఒకటే, పుట్టిన తేదీ మాత్రం వేరు. మన పేర్లతో ఇలాంటి కలగాపులగం జరిగే అవకాశం ఎక్కువ. పాస్‌పోర్టు స్టాంపులు జతచేసి సంస్థకు రాతపూర్వకంగా డిస్ప్యూట్ పంపాడు. సాధారణంగా 30 రోజుల్లో విచారించాలి. మూడు వారాల్లో ఆ కేసు తీసేశారు. ఈలోగా ఇల్లు వేరొకరికి వెళ్లిపోయింది. తర్వాతి ఇంటికి అప్లై చేసేటప్పుడు, సరిచేసిన రిపోర్టు కాపీని ముందే ఓనరుకు పంపాడు.