చివరి పేజీలో సంతకం: మిల్లు గొడవ వెనక పాత కథ

విజయనగరం జిల్లాలో ఒక జూట్ మిల్లు గేటు ముందు మళ్లీ టెంటు వేశారు. గొడవంతా జీతాల మీదేనని ఊళ్లో అనుకుంటున్నారు. టెంటులో కూర్చున్నవాళ్లు మాత్రం పాత ఒప్పందం జిరాక్స్ కాపీ తీసి, నేరుగా చివరి పేజీ తిప్పి చూపిస్తున్నారు. కింద మూడు సంతకాలున్నాయి. ఒకటి యాజమాన్యానిది, ఒకటి కార్మిక శాఖ అధికారిది, మూడోది చిన్న సంఘానిది. ఎక్కువమంది ఉన్న సంఘం పేరు ఎక్కడా లేదు.

నెల్లిమర్లలో జూట్ మిల్లు కార్మికుల మీద 1994లో జరిగిన పోలీసు కాల్పుల సంగతి ఈ జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఇప్పటి తగాదాకు మూలం మాత్రం 1956లో ఉంది.

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టాన్ని ఆ ఏడాది సవరించారు. దాంతో ఒప్పందాలు రెండు రకాలయ్యాయి. యాజమాన్యం, సంఘం నేరుగా కూర్చుని రాసుకుంటే అది సెక్షన్ 18(1) ఒప్పందం. చేసుకున్నవాళ్లకే వర్తిస్తుంది. కార్మిక శాఖ రాజీ అధికారి సమక్షంలో చర్చలు నడిచి సంతకాలైతే అది సెక్షన్ 12(3) ఒప్పందం. అది మిల్లులో ఉన్న ప్రతి కార్మికుడికీ వర్తిస్తుంది. వేరే సంఘంవాళ్లకీ, ఏ సంఘంలోనూ లేనివాళ్లకీ, రేపు పనిలో చేరేవాళ్లకీ కూడా.

మంచి ఉద్దేశంతోనే పెట్టారు. ఒకే మిల్లులో పది రకాల జీతాలు ఉండకూడదు కదా. కానీ సంతకం పెట్టే సంఘానికి ఎంత బలం ఉండాలో చట్టం చెప్పలేదు. పశ్చిమ బెంగాల్‌లో రామ్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ కేసులో ఒక సంఘం రాజీ ఒప్పందం చేసుకుంది, రెండో సంఘం సమ్మెకు దిగింది. ఒప్పందం రెండో సంఘానికీ వర్తిస్తుందని, కాబట్టి ఆ సమ్మె చట్టవిరుద్ధమని 1960లో సుప్రీంకోర్టు తేల్చింది. మన రాష్ట్రంలో రహస్య ఓటింగ్‌తో గుర్తింపు సంఘాన్ని తేల్చే ఆనవాయితీ ఉంది. దానికి ఆధారం 1958 నాటి క్రమశిక్షణ నియమావళి. అది చట్టం కాదు, ఇరుపక్షాలూ ఇష్టపడి ఒప్పుకున్న మాట.

టెంటులోవాళ్ల బాధ ఇక్కడే అర్థమవుతుంది. స్పిన్నింగులో ఇరవై ఏళ్లు చేసిన మనిషికి ఆ ఊళ్లో ఇంకో స్పిన్నింగు మిల్లు లేదు. ఇంటి అద్దె, కిరాణా కొట్టు ఖాతా అన్నీ ఆ ఒక్క గేటు మీదే నడుస్తాయి. మానేస్తానని బెదిరించినా యాజమాన్యం భయపడదు. అతని చేతిలో ఉన్న బలమల్లా పని ఒకదాని మీద ఒకటి ఆధారపడటమే. స్పిన్నింగు ఆగితే నూలు అయిపోయి మగ్గాలూ ఆగుతాయి. అదీ ఆర్డర్లు ఉన్నప్పుడే పనికొస్తుంది. ఖరీఫ్ ధాన్యం కొనుగోళ్లకు ముందు గోనె సంచులకు గిరాకీ ఉన్న రోజుల్లో మగ్గం ఆగితే యాజమాన్యం చర్చలకు వస్తుంది. గోడౌన్ నిండా సంచులు ఉన్నప్పుడు ఆగితే లాకౌట్ నోటీసు అంటిస్తుంది. అందుకే ఒప్పందం ఏ నెలలో ముగుస్తుందన్నది జీతం అంకె అంత ముఖ్యం. గడువు నడుస్తుండగా అందులోని అంశాల మీద సమ్మె కుదరదు. ఈ ఒప్పందం గడువు తీరేది పని పల్చగా ఉండే నెలలో. ఆ తేదీకి ఒప్పుకున్నది చిన్న సంఘమే.

యాజమాన్యం మాట ఒకటే: అధికారి ముందు పెట్టిన సంతకం, గడువు దాకా చెల్లుతుంది.

ఇప్పుడు ఇదంతా మళ్లీ పైకి రావడానికి కారణం 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్. ఒకటికి మించి సంఘాలుంటే, మస్టర్ రోల్‌లో ఉన్నవాళ్లలో 51 శాతం మద్దతున్న సంఘమే ఏకైక చర్చల సంఘం. ఎవరికీ అంత లేకపోతే, 20 శాతానికి తగ్గని సంఘాలతో చర్చల మండలి వేయాలి. లెక్క వేసి చూద్దాం. మస్టర్‌లో 900 మంది ఉన్నారనుకుంటే 51 శాతం అంటే 459. పెద్ద సంఘానికి 430, రెండోదానికి 290, చిన్నదానికి 120 ఉన్నాయనుకోండి. ఎవరూ 459కి చేరలేదు కాబట్టి మండలి వస్తుంది. 180 లేని చిన్న సంఘానికి అందులో కుర్చీ ఉండదు. అంటే పాత చట్టం కింద అందరి తరఫునా సంతకం పెట్టగలిగిన సంఘం ఇప్పుడు చర్చల గదిలోకే రాలేదు.

పెద్ద సంఘం గెలిచినట్టేనా అంటే, కాదు. ఇదే కోడ్ సమ్మెకు ముందు కనీసం 14 రోజుల నోటీసు అన్ని పరిశ్రమలకూ తప్పనిసరి చేసింది. పాత చట్టంలో ఆ నిబంధన ప్రజోపయోగ సేవలకే ఉండేది. సగం మంది, అంతకు మించి ఒకేసారి క్యాజువల్ లీవు పెట్టినా అది సమ్మె కిందికే వస్తుంది. పైగా 900 మందీ ఎవరు? పేర్లు కాంట్రాక్టర్ మస్టర్‌లో ఉండి, అదే షిఫ్టులో అదే మిషను దగ్గర నిలబడేవాళ్లు ఈ లెక్కలోకి వస్తారా రారా అన్నది తేలాలి. టెంటు వెనక వరసలో కూర్చున్నవాళ్లలో చాలామంది వాళ్లే.