బడ్స్ డబ్బా లైటు: అపోహలు - వాస్తవాలు

కడపలో ఏడు రోడ్ల దగ్గర మాది చిన్న రిపేరు అంగడి. "లైటు గ్రీన్ ఎలగతాందన్నా, ఎడమది మాత్రం సచ్చిపోయింది. కొత్తవి కొనల్లనా?" అనే మాట వినని వారం ఉండదు. చెవులకు పెట్టుకునే ఆ బడ్స్ కొని ఏడాది కూడా అయ్యుండదు. ఇక్కడికి రాకముందే ఎవరో ఒకరు "బ్యాటరీ పోయింది, పడేయ్" అని తీర్పు చెప్పేసి ఉంటారు.

అపోహ: డబ్బా లైటు గ్రీన్‌గా ఉంటే లోపలి బడ్స్ నిండినట్టే.

తక్కువ ధర మోడళ్లలో చాలావాటికి ఆ లైటు చెప్పేది డబ్బా సొంత బ్యాటరీ సంగతి మాత్రమే. లోపల చార్జ్ ఎక్కించే పిన్నులకు బడ్ తగిలిందా లేదా అనేది దానికి పట్టదు. ఎయిర్‌పాడ్స్‌లో లెక్క వేరు. మూత తెరిచినప్పుడు బడ్స్ లోపలుంటే వాటి సంగతి చెబుతుంది, తీసేస్తే డబ్బా సంగతి చెబుతుంది. మోడల్‌ను బట్టి రంగుల అర్థం మారిపోతుంది కాబట్టి యూట్యూబ్‌లో చూసిన రంగుల పట్టికను మీ డబ్బాకు అంటగట్టకండి. బడ్ మీదే చిన్న లైటు ఉంటే, డబ్బాలో పెట్టగానే అది వెలిగిందా లేదా చూడండి.

అపోహ: ఒక బడ్‌కు చార్జ్ ఎక్కకపోతే దాని బ్యాటరీ పోయినట్టే.

జనం డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. పోయిన నెల ఎర్రగుంట్ల పక్క బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే పిల్లోడు వచ్చినాడు. కొత్త జత కొనడానికి డబ్బులు జేబులో పెట్టుకునే వచ్చినాడు. "ఎడమ బడ్‌ను డబ్బాలో పెట్టి మూత మూసినాక కూడా ఫోన్‌లో కనెక్టెడ్ అని చూపిస్తాందా?" అని అడిగితే, "అవునన్నా, ఫోనొస్తే మాట జేబులోని డబ్బాలోకి పోతాది" అన్నాడు. నాకు సగం పని అక్కడే అయిపోయింది. డబ్బాలో పడ్డానని బడ్‌కు తెలిసేది ఆ పిన్నుల ద్వారానే. పిన్ను తగలకపోతే అది ఆగదు, రాత్రంతా ఫోన్‌ను పట్టుకొనే ఉండి తెల్లారేసరికి ఖాళీ అవుతుంది.

తర్వాత బడ్‌ను డబ్బాలో పెట్టి బొటనవేలితో గట్టిగా అదిమినాను. ఎర్ర లైటు వెలిగింది, వేలు తీస్తే ఆరిపోయింది. బ్యాటరీ బాగానే ఉంది, తగులుడే లేదు. టార్చి వేసి చూస్తే బడ్ అడుగునున్న బంగారు చుక్కల మీద చెమట, తలనూనె, బండల పొడి కలిసి నల్లటి పొరగా గట్టిపడి ఉంది. డబ్బా గుంటలో స్ప్రింగు పిన్నులు రెండూ ఒకే ఎత్తులో ఉండాలి, ఒకటి లోపలికి దిగి ఇరుక్కుపోయింది.

బడ్స్ బయటికి తీసి, దూది పుల్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడి తగిలీ తగలనట్టు అద్ది, ఆ చుక్కలను పొర పోయేదాకా తుడిచినాను. ఇరుక్కున్న పిన్ను మీద కూడా అంతే తడి అద్ది, చెక్క పంటిపుల్లతో నిలువుగా పది పదిహేను సార్లు నొక్కి వదిలితే మెల్లగా పైకి లేచింది. పక్కలకు వంచితే మాత్రం విరుగుతుంది. పావుగంట ఆరనిచ్చి బడ్ పెడితే అదమకుండానే ఎర్ర లైటు వెలిగింది. తెచ్చిన డబ్బులు తెచ్చినట్టే పట్టుకుపోయినాడు.

సూది, బ్లేడు, గరుకు కాగితం వద్దు. పని నేర్చుకునే రోజుల్లో నేనూ బ్లేడుతో గీకినాను, అప్పటికి భలే మెరిసింది. పైనున్న సన్నని బంగారు పూత లేచిపోయి, నెల తిరక్కుండానే అక్కడ చిలుము పట్టింది. ఆ బడ్‌కు నా జేబులోంచి కట్టుకున్నా. థిన్నర్ ప్లాస్టిక్‌ను తినేస్తుంది. శానిటైజర్‌లో జిగురు పదార్థాలుంటాయి, కొత్త పొర కడతాయి.

అదిమినా లైటు రాకపోతే కంగారు పడొద్దు. పూర్తిగా ఖాళీ అయిన బడ్ వెంటనే పలకకపోవచ్చు. తుడిచి, డబ్బాను చార్జర్‌కు పెట్టి రెండు గంటలు వదిలేయండి. అప్పటికీ రాకుంటే లోపలి పనే. శుభ్రంగా ఎక్కి కూడా ఇరవై నిమిషాల్లో ఖాళీ అయ్యేదైతే నిజంగానే బ్యాటరీ అరిగింది, ఎంత తుడిచినా లాభం లేదు.

మిగతావి గబగబా. ఎర్ర లైటు మినుకుమంటే డబ్బా పేలుతుందనేది ఒట్టి పుకారు, చాలావాటిలో చార్జ్ తగ్గిందని అర్థం. డబ్బా ఉబ్బినా, చెయ్యి పెట్టలేనంత కాలినా మాత్రం వాడకండి. కొత్త బడ్స్ మొదటిరోజే ఎక్కలేదంటే చుక్కల మీద ప్లాస్టిక్ స్టిక్కరు తీశారో లేదో చూడండి. మొన్న ఒకాయన డబ్బానే ఎక్కడం లేదని తెచ్చినాడు. ఆయనది రెండు వైపులా సి పిన్ను ఉన్న కేబుల్, కొన్ని చవక డబ్బాలు దాంతో పలకవు. మా అంగట్లోని, చార్జర్ వైపు పాత వెడల్పు పిన్ను ఉన్న కేబుల్ పెడితే వెంటనే లైటొచ్చింది. ఆ కేబులే కొనుక్కొని పోయినాడు.