ఐఎస్‌బీఎన్ గ్రూపు సంఖ్య ప్రచురణ స్థలాన్ని చెబుతుందా? అపోహలు – వాస్తవాలు

గ్రంథాలయంలో కేటలాగు పని చేసేవారికి ప్రచురణ స్థలం అనే గడి ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు. కొన్నేళ్ల క్రితం పాత రికార్డులను కంప్యూటరులోకి ఎక్కిస్తున్నప్పుడు ఆ గడి చాలాచోట్ల ఖాళీగా కనిపించింది. పుస్తకాలన్నీ మళ్లీ బీరువాల్లోంచి దించి చూసే ఓపిక లేక, పుస్తకం మీద ఉండే అంతర్జాతీయ ప్రామాణిక గ్రంథ సంఖ్య, అంటే ఐఎస్‌బీఎన్‌ను బట్టి ఆ గడిని నింపేలా నేనొక సూత్రం రాశాను: దానిలో 978 తరువాత గ్రూపు సంఖ్యగా 81 గాని 93 గాని ఉంటే భారతదేశం, 0 గాని 1 గాని ఉంటే లండన్, 3 ఉంటే జర్మనీ. కొన్ని నెలల తరువాత ఒక పరిశోధక విద్యార్థిని మన దేశంలో అచ్చయిన ఆంగ్ల నవలల జాబితా అడిగారు. తీసి ఇచ్చిన జాబితాలో పెంగ్విన్ ఇండియా పుస్తకం ఒక్కటీ లేదు. అవన్నీ నా సూత్రం ప్రకారం లండన్ ఖాతాలోకి వెళ్లిపోయాయి. ఆ తప్పును సరిదిద్దడానికి చివరకు బీరువాల్లోంచి పుస్తకాలు దించక తప్పలేదు. గ్రూపు సంఖ్య గురించి నేను నేర్చుకున్నదంతా ఆ సవరణ పనిలోనే నేర్చుకున్నాను.

అపోహ: 978 తరువాత వచ్చే అంకెలు ప్రచురణకర్త ఉన్న దేశాన్ని చెబుతాయి.

వాస్తవం: ఆ అంకెలు చెప్పేది ఆ సంఖ్య ఏ నమోదు సమూహం, అంటే ఏ గ్రూపు నుంచి వచ్చిందో మాత్రమే. నమోదు సమూహం ఒక దేశం కావచ్చు, కొన్ని దేశాలు కలిసిన ప్రాంతం కావచ్చు, ఒక భాషా ప్రాంతం కూడా కావచ్చు. మనకు భారతదేశం 81, 93 సంఖ్యలతో ఒకే దేశపు గ్రూపుగా పరిచయం కావడం వల్ల మిగతావన్నీ అలాగే ఉంటాయని అనుకుంటాము. కాని 0, 1 అనేవి ఆంగ్ల భాషా ప్రాంతపు గ్రూపులు. బ్రిటన్, అమెరికా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా, కెనడాలోని ఆంగ్ల ప్రచురణకర్తలు అందరూ వాటిని పంచుకుంటారు. స్విట్జర్లాండులోనైతే ఫ్రెంచి ప్రాంతపు ప్రచురణకర్తకు 2, జర్మన్ ప్రాంతపు ప్రచురణకర్తకు 3, ఇటాలియన్ ప్రాంతపు ప్రచురణకర్తకు 88 వస్తాయి. ఒకే దేశానికి మూడు గ్రూపులు, ఒకే గ్రూపులో అనేక దేశాలు ఉన్నప్పుడు సంఖ్యను చూసి దేశాన్ని చెప్పడం కుదరదు.

దీనికి నేను కొత్తగా చేరినవారికి చూపించే ఉదాహరణ ఒకటుంది. ఐఎస్‌బీఎన్ వ్యవస్థనంతటినీ నడిపే అంతర్జాతీయ ఏజెన్సీ కార్యాలయం లండన్‌లో ఉంది. ఆ ఏజెన్సీ ప్రచురించిన వినియోగదారుల కరదీపిక ఏడవ కూర్పు మీది సంఖ్య 978-92-95055-12-4. లండన్‌లో ఉన్న సంస్థ కదా అని అక్కడ 0 గాని 1 గాని ఉంటుందని ఎదురుచూస్తే 92 కనబడుతుంది. 92 అనేది అంతర్జాతీయ సంస్థలకు, ఐరోపా సంఘపు సంస్థలకు కేటాయించిన గ్రూపు. యునెస్కో, ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకాలు కూడా దీనిలోనే వస్తాయి. దానికి పటంలో చూపించడానికి ఒక దేశమంటూ లేదు.

అపోహ: 978 తరువాత మొదటి రెండంకెలు చదివితే సరిపోతుంది.

వాస్తవం: గ్రూపు సంఖ్య పొడవు ఒక అంకె నుంచి ఐదు అంకెల దాకా మారుతుంది. హైఫన్లు అచ్చయి ఉంటే చిక్కు లేదు. కాని బార్‌కోడు స్కానర్ నుంచి వచ్చే సంఖ్యలో హైఫన్లు ఉండవు కాబట్టి ఎక్కడ విరవాలో మనకే తెలిసి ఉండాలి. 978తో మొదలయ్యే సంఖ్యల్లో తరువాతి అంకె 0 నుంచి 5 లోపు గాని 7 గాని అయితే గ్రూపు ఆ ఒక్క అంకే. మొదటి రెండంకెలు 80 నుంచి 94 లోపు అయితే గ్రూపు రెండంకెలు. 950 నుంచి 989 దాకా మూడంకెలు. 99తో మొదలైతే నాలుగో ఐదో ఉంటాయి. 6తో మొదలయ్యేవి చాలావరకు మూడంకెలవి, బ్రెజిల్ వారి 65 మాత్రం రెండంకెలది.

పైన చెప్పిన కరదీపిక సంఖ్యనే హైఫన్లు తీసేసి విరిచి చూద్దాము.

```
9789295055124
978-92-95055-12-4
```

978 తరువాత 92 వచ్చింది. అది 80, 94ల మధ్య ఉంది కాబట్టి గ్రూపు 92 దగ్గర ఆగుతుంది. ఆ తరువాతి భాగం ప్రచురణకర్తది. దాని పొడవును ప్రతి గ్రూపూ తన లోపల విడిగా నిర్ణయించుకుంటుంది కాబట్టి అంతర్జాతీయ ఏజెన్సీ వెలువరించే శ్రేణుల పట్టికను చూసి 95055 అని విరవాలి. మిగిలిన 12 పుస్తకానికి, చివరి 4 సరిచూసే అంకె. ఆ చివరి అంకెను చేత్తో లెక్కగట్టవచ్చు: మొదటి పన్నెండు అంకెలను వరుసగా 1, 3, 1, 3 చొప్పున గుణించి కూడితే 126 వస్తుంది, దాన్ని పైనున్న పదుల సంఖ్య 130కి చేర్చడానికి 4 కావాలి. ఈ లెక్క తప్పితే అంకె ఏదో తప్పు పడిందని తెలుస్తుంది. లెక్క సరిపోయినంత మాత్రాన గ్రూపును సరిగా విరిచామని మాత్రం అనుకోకూడదు, ఎందుకంటే ఆ కూడికకు హైఫన్లతో సంబంధం లేదు.

నా సూత్రం దెబ్బతిన్న మరొక చోటు ముందున్న 978ను, 979ను ఒకే రకంగా కత్తిరించివేయడం. 978లో 8 ఎప్పుడూ ఒంటరిగా గ్రూపు కాదు, 80 గాని 81 గాని అలా రెండంకెలుగానే ఉంటుంది. 979లో మాత్రం 8 ఒక్కటే ఒక గ్రూపు, అది అమెరికాది. అలాగే 979-10 ఫ్రాన్స్‌ది. 978 తరువాత 10 కనబడితే అది గ్రూపు 1, దాని పక్కన ప్రచురణకర్త సంఖ్యలోని 0 మాత్రమే. ముందరి మూడంకెలను పారేసిన క్షణంలోనే ఈ తేడా కనుమరుగవుతుంది.

అపోహ: బార్‌కోడు 890తో మొదలుకాకపోతే అది మన దేశపు పుస్తకం కాదు.

వాస్తవం: 890 అనేది మన దేశంలో నమోదయిన కంపెనీల సరుకుల బార్‌కోడులకు చెందినది. పుస్తకాలకు ప్రపంచమంతటా 978, 979 అనే రెండే ముందంకెలు ఉన్నాయి, అవి ఏ దేశానివీ కావు.

అపోహ: గ్రూపు సంఖ్య పుస్తకం భాషను చెబుతుంది.

వాస్తవం: భాషా ప్రాంతం అనే మాట వల్ల పుట్టిన పొరపాటు ఇది. ప్రాంతం ప్రచురణకర్తది, భాష పుస్తకానిది. మన 81, 93లలో తెలుగు, తమిళం, హిందీ, ఆంగ్లం అన్నీ కలిసే ఉంటాయి. ఢిల్లీలోని రాజా రామమోహన రాయ్ జాతీయ ఏజెన్సీ దేశమంతటికీ ఈ సంఖ్యలను ఉచితంగా కేటాయిస్తుంది కాబట్టి విజయవాడ ప్రచురణకర్తకూ అహ్మదాబాదు ప్రచురణకర్తకూ గ్రూపులో తేడా ఉండదు. హైదరాబాదు కేంద్రంగా ఉన్న ఓరియంట్ లాంగ్‌మన్ పుస్తకాల మీద 81-250 ఉంటుంది, ఢిల్లీలోని నేషనల్ బుక్ ట్రస్ట్ పుస్తకాల మీద 81-237 ఉంటుంది. నగరం తెలియాలంటే ప్రచురణకర్త భాగం ఎవరిదో చూడాలి తప్ప 81 ఏమీ చెప్పదు. 81 పాతవి, 93 కొత్తవి అని విభజించేవారూ ఉన్నారు. 93 తరువాత వచ్చిన మాట నిజమే అయినా, 81తో సంఖ్యలు పొందినవారు ఈనాటికీ వాటినే వాడుతున్నారు కాబట్టి దాన్నిబట్టి కాలం కూడా నిర్ణయించకూడదు.

తెలుగు పాఠకులకు బాగా తెలిసిన సాక్ష్యం మాస్కో నుంచి వచ్చిన పుస్తకాలు. 1980ల చివర్లో రాదుగ ప్రచురణాలయం వెలువరించిన పుస్తకాల మీద 5-05 అని మొదలయ్యే, ముందు 978 లేని పాత పదంకెల సంఖ్య ఉంటుంది. ఆ 5 సోవియట్ యూనియన్‌కు ఇచ్చిన గ్రూపు. చదివేది మన భాష, సంఖ్య మాస్కోది. సోవియట్ యూనియన్ విడిపోయాక ఉక్రెయిన్, ఉజ్బెకిస్తాన్ వంటి దేశాలు తమ తమ గ్రూపులు తీసుకున్నాయి; కాని అచ్చయిన పుస్తకం మీది 5 అలాగే ఉండిపోయింది. రాదుగకు తాష్కెంట్‌లో కూడా శాఖ ఉండేది. అక్కడి పుస్తకం మీది 5ను చూసి మాస్కో, రష్యా అని రాస్తే ఆనాటి నగరమూ తప్పే, ఈనాటి దేశమూ తప్పే.

అపోహ: ఒక సంస్థకు ఒకే గ్రూపు ఉంటుంది, అది ఆ సంస్థ ఉన్న చోటును చూపిస్తుంది.

వాస్తవం: నా జాబితాలో తప్పులన్నిటికీ మూలం ఇదే. పెంగ్విన్ ఇండియా తన మాతృసంస్థకు చెందిన 0-14 సంఖ్యలతో పుస్తకాలు వేస్తుంది. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ఢిల్లీలో వేసిన పుస్తకాల మీద 0-19 ఉంటుంది. ప్రచురణ జరిగింది మన దేశంలోనే, సంఖ్య మాత్రం ఇంగ్లాండులో నమోదయిన వరుస నుంచి వచ్చింది. దీనికి తలకిందులుగా స్ప్రింగర్ సంస్థను చూడండి. దాని ఆంగ్ల పుస్తకాలు 978-3-319తోనో 978-3-030తోనో వచ్చినప్పుడు కాపీరైటు పుట మీద స్విట్జర్లాండులోని చామ్ అనే ఊరి పేరు ఉంటుంది. అదే సంస్థ ఢిల్లీ శాఖ పుస్తకాల మీద 978-81-322, సింగపూరు శాఖ పుస్తకాల మీద 978-981 ఉంటాయి. అక్కడ గ్రూపు సంఖ్య స్థలానికి దగ్గరగానే వస్తుంది, అయినా 3ను చూసి నేను రాసిన జర్మనీ మాత్రం తప్పే. సంఖ్యల వరుసను కొన్ననాటి చిరునామా ఒకటి, పుస్తకం వెలువడిననాటి చిరునామా మరొకటి కావచ్చు. సంస్థ చేతులు మారవచ్చు, ఓరియంట్ లాంగ్‌మన్ ఓరియంట్ బ్లాక్‌స్వాన్ అయినట్టు పేరు మారవచ్చు. వీటిలో ఏదీ సంఖ్యను మార్చదు.

ఇటీవల నా బల్ల మీదికి ఎక్కువగా వస్తున్నవి 979-8తో మొదలయ్యే తెలుగు పుస్తకాలు. రచయిత గుంటూరులో ఉంటారు, పాఠకులూ ఇక్కడే ఉంటారు, కాని స్వయంప్రచురణ వేదిక తన అమెరికా సంఖ్యల వరుసలోంచి ఒకటి తీసి ఉచితంగా ఇస్తుంది. అలా ఇచ్చిన సంఖ్య నమోదు ఆ వేదిక పేరు మీదే ఉంటుంది తప్ప రచయిత పేరు మీద ఉండదు. రచయిత ఢిల్లీ ఏజెన్సీకి దరఖాస్తు చేసి తన సంఖ్యను తానే తెచ్చుకుని ఉంటే అదే పుస్తకం మీద మన గ్రూపు సంఖ్య ఉండేది.

ఇప్పుడు నేను పాటించే క్రమం ఇది. ప్రచురణ స్థలం కోసం మొదట ముఖపత్రాన్ని, దాని వెనుకనున్న కాపీరైటు పుటను చూస్తాను. అక్కడ ఊరు ఉంటే ఐఎస్‌బీఎన్ ఏమి సూచించినా ఆ ఊరినే రాస్తాను. అక్కడ లేకపోతే సంఖ్యలో ప్రచురణకర్త భాగం దాకా విరిచి, అంతర్జాతీయ ఏజెన్సీ ఇంటర్నెట్‌లో ఉంచిన ప్రపంచ ప్రచురణకర్తల పట్టికలో వెతుకుతాను. అక్కడ సంస్థ పేరు, దేశం దొరుకుతాయి. అలా దొరికిన దాన్ని చదరపు కుండలీకరణాల్లో పెట్టి, పక్కన ప్రశ్నార్థకం చేరుస్తాను, అది పుస్తకంలోంచి తీసుకున్నది కాదని తరువాత చూసేవారికి తెలియడానికి. 979-8 తెలుగు పుస్తకంలో ఊరు ఎక్కడా కనిపించకపోతే అమెరికా అని రాయను. స్థలం పేర్కొనలేదు అని రాసి, ముందుమాట చివర రచయిత వేసిన ఊరు ఏదైనా ఉంటే దాన్ని గమనిక గడిలో చేరుస్తాను.