కారు స్పీకర్ల ట్యూనింగ్: అపోహలు – వాస్తవాలు

కారు ఆడియో పనిలో నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఒకే తీరుగా ఉంటాయి. మంచి స్పీకర్లు, మంచి ఆంప్లిఫయర్, పైగా శబ్ద సంకేతాన్ని డిజిటల్‌గా సర్దే డీఎస్‌పీ అనే పరికరం కూడా బిగించి ఉంటాయి, అయినా గాయకుడి గొంతు డ్రైవర్ మోకాలి దగ్గర నుంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. ఈ మధ్య వచ్చిన ఒక హ్యాచ్‌బ్యాక్ పరిస్థితి కూడా అదే. ముందు తలుపుల్లో ఆరున్నర అంగుళాల స్పీకర్లు, అద్దాల మూల దగ్గరి త్రికోణపు ప్లాస్టిక్ ముక్కల్లో పై పౌనఃపున్యాలను వినిపించే చిన్న ట్వీటర్లు, డిక్కీలో లోతైన బేస్ కోసం సబ్‌వూఫర్ ఉన్నాయి. యజమాని స్పీకర్లు మార్చేద్దామనే నిర్ణయంతో వచ్చారు. ఆ కారునే ఉదాహరణగా పెట్టుకుని, ఆయన అడిగిన క్రమంలోనే ఒక్కో అపోహను చూద్దాం.

అపోహ: తలుపులో ఎంత పెద్ద స్పీకర్ పడితే అంత మంచిది.

కోన్ పెద్దదైతే ఎక్కువ గాలిని కదిలిస్తుందన్నది నిజమే. ఒకే శబ్ద తీవ్రతలో పౌనఃపున్యం సగానికి తగ్గితే కోన్ నాలుగింతలు ముందుకూ వెనక్కూ కదలాల్సి ఉంటుంది కాబట్టి, బేస్ విషయంలో పెద్ద కోన్‌కు ఉన్న లాభాన్ని ఎవరూ కాదనలేరు. అయితే పై పౌనఃపున్యాల దగ్గర ఆ వెడల్పే అడ్డొస్తుంది. శబ్ద తరంగం పొడవు కోన్ వ్యాసానికి దగ్గర పడేసరికి శబ్దం అన్ని దిక్కులకూ వ్యాపించడం మాని, టార్చిలైటు వెలుగులా నేరుగా ముందుకు మాత్రమే పోతుంది. ఆరున్నర అంగుళాల స్పీకర్‌లో నిజంగా కదిలే కోన్ సుమారు 13 సెంటీమీటర్లు ఉంటుంది. గాలిలో శబ్దవేగం సెకనుకు 343 మీటర్లు కనుక 2,600 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు కూడా సరిగ్గా అంతే అవుతుంది. ఎనిమిది అంగుళాల స్పీకర్‌కు ఆ పరిస్థితి 2,100 హెర్ట్జ్ దగ్గరే వస్తుంది.

ఇంట్లో అయితే స్పీకర్‌ను మన వైపు తిప్పుకుని కూర్చోవచ్చు. కారు తలుపులోని స్పీకర్ మాత్రం ఎదుటి తలుపు వైపు చూస్తూ ఉంటుంది, డ్రైవర్ చెవి దానికి ఎంతో పైన, బాగా పక్క కోణంలో ఉంటుంది. అంటే ఆ స్పీకర్ పై పౌనఃపున్యాలను మన మోకాళ్లకు వినిపిస్తుందే తప్ప చెవులకు కాదు. ఎనిమిది అంగుళాలు పెట్టాలంటే ట్వీటర్‌ను 1,500 హెర్ట్జ్ నుంచే పని చేయించాలి. అద్దం మూలలో పట్టే చిన్న ట్వీటర్ అంత కిందికి దిగలేదు కాబట్టి మధ్యలో మూడు అంగుళాల మరో స్పీకర్ కావాలి, దానికి ఆంప్లిఫయర్‌లో మరో రెండు ఛానెళ్లు కావాలి. అవన్నీ పెట్టడానికి సిద్ధమైతే ఎనిమిది అంగుళాలు అద్భుతంగా పనిచేస్తాయి. కేవలం స్పీకర్ మార్చి ఊరుకుంటే మాత్రం ఉన్న గొంతు కూడా పోతుంది. వెనక పార్సిల్ ట్రే మీద ఓవల్ స్పీకర్లు పెట్టించే మన అలవాటు గురించి కూడా ఆయన అడిగారు. అవి వెనక కూర్చున్నవాళ్లకు ఉపయోగపడతాయి కానీ, ముందు సీటులో విన్నప్పుడు గొంతును వెనక్కి లాగుతాయి.

అపోహ: క్రాస్‌ఓవర్ అంటే స్పీకర్ పెట్టె మీద రాసిన సంఖ్య.

తలుపు స్పీకర్ పని ఆగి ట్వీటర్ పని మొదలయ్యే పౌనఃపున్యమే క్రాస్‌ఓవర్. ఆ కారులో డీఎస్‌పీ తెరిచి చూస్తే తలుపు స్పీకర్‌కూ ట్వీటర్‌కూ మధ్య క్రాస్‌ఓవర్ 3,500 హెర్ట్జ్ దగ్గర, ఆక్టేవ్‌కు, అంటే పౌనఃపున్యం రెట్టింపైన ప్రతిసారీ, 24 డెసిబెళ్ల వాలుతో ఉంది. స్పీకర్ల పెట్టె మీద ఆ సంఖ్యే ఉంది కాబట్టి బిగించినవాళ్లను తప్పు పట్టలేం. కాకపోతే పెట్టె మీద సంఖ్య రాసినవారికి ఆ స్పీకర్ ఏ తలుపులో, ఏ కోణంలో కూర్చుంటుందో తెలిసే అవకాశం లేదు.

కొలత ఇలా చేశాను. సీటును యజమాని నడిపేటప్పుడు పెట్టుకునే చోటే ఉంచి, అద్దాలు మూసి, ఇంజనూ ఏసీ ఫ్యానూ ఆపేశాను. యూఎస్‌బీ కొలత మైక్‌కు దానితో వచ్చిన కాలిబ్రేషన్ ఫైలును REW అనే కొలత సాఫ్ట్‌వేర్‌లో జత చేశాను. మైక్‌ను పైకప్పు వైపు చూపిస్తూ పట్టుకుంటాం కాబట్టి 90 డిగ్రీల ఫైలునే తీసుకోవాలి, ఇక్కడ పొరపాటు జరిగితే ట్రెబుల్ కొలత అంతా తప్పుతుంది. ఆ తర్వాత అన్ని పౌనఃపున్యాలూ కలిసిన హోరు లాంటి పింక్ నాయిస్ వినిపిస్తూ, తల ఉండే చోట ఫుట్‌బాల్ అంత పరిధిలో మైక్‌ను అర నిమిషం పాటు నెమ్మదిగా తిప్పుతూ సగటు తీసుకున్నాను. ఏ పౌనఃపున్యంలో ఎంత శబ్దం వస్తోందో చూపే గీతను మైక్‌ను ఒకే బిందువులో నిలిపి తీస్తే, అందులో పై పౌనఃపున్యాల భాగమంతా రంపపు పళ్లలా ఉంటుంది, తల రెండు అంగుళాలు కదిపితే ఆ పళ్లు మారిపోతాయి. వాటిని సరిదిద్దడం వృథా ప్రయాస.

కుడి తలుపు స్పీకర్‌ను ఒంటరిగా, ఫిల్టర్ తీసేసి కొలిస్తే 3,500 హెర్ట్జ్ దగ్గర దాని శబ్దం అప్పటికే ఎనిమిది డెసిబెళ్లు పడిపోయి ఉంది. ఆ సహజమైన పతనం మీద డీఎస్‌పీ ఫిల్టర్ కూడా తోడవడంతో రెండు స్పీకర్ల మధ్య పెద్ద ఖాళీ ఏర్పడింది. పాటలో మాట స్పష్టతను మోసే భాగం ఆ ఖాళీలోనే పడిపోయింది. స్పీకర్ మార్చాలన్న కోరికకు అసలు కారణం ఇదే.

క్రాస్‌ఓవర్‌ను ఎంత కిందికి దించవచ్చో ట్వీటర్ చెబుతుంది. దాని వివరాల కాగితంలో అనునాద పౌనఃపున్యం 1,100 హెర్ట్జ్ అని ఉంది. దానికి రెట్టింపు కంటే కిందికి పోకూడదన్నది మా వృత్తిలో పాటించే జాగ్రత్త కనుక 2,200 నా హద్దు. చివరికి ట్వీటర్‌కు కింది పౌనఃపున్యాలను ఆపే హై పాస్ ఫిల్టర్ 2,300 దగ్గర, తలుపు స్పీకర్‌కు పైవాటిని ఆపే లో పాస్ ఫిల్టర్ 2,600 దగ్గర స్థిరపడ్డాయి. ఆ రెండు అంకెలు వేరుగా ఉండటం చూసి యజమాని సందేహించారు. డీఎస్‌పీలో మనం వేసే అంకె విద్యుత్ సంకేతానికి సంబంధించినది, చెవికి చేరేది మాత్రం ఫిల్టరూ స్పీకర్ స్వభావమూ కలిసిన ఫలితం. మైక్ గీతల్లో ఆ రెండూ 2,350 దగ్గర, రెండువైపులా ఒకే వాలుతో కలుసుకున్నాయి. క్రాస్‌ఓవర్ ఎక్కడుందని అడిగితే 2,350 దగ్గరుందని చెప్పాలి.

ఈ పని చేసేవారికి ఒక హెచ్చరిక. ట్వీటర్ ఛానెల్‌లో హై పాస్ ఫిల్టర్ నిజంగా పడిందో లేదో చూడకుండా శబ్దం పెట్టవద్దు. ఒక్క క్షణం బేస్ వెళ్లినా కాయిల్ కాలిపోవచ్చు.

అపోహ: టేపుతో దూరం కొలిచి డిలే వేస్తే పని పూర్తయినట్టే.

డిలే అంటే దగ్గరి స్పీకర్ శబ్దాన్ని కాస్త ఆలస్యం చేసి, దూరపు స్పీకర్ శబ్దంతో పాటే చెవికి చేర్చడం. పెద్ద దూరాలకు టేపు చక్కగా సరిపోతుంది. మన దేశంలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటారు కనుక ఈ కారులో కుడి తలుపు స్పీకర్ తలకు 80 సెంటీమీటర్ల దూరంలోనూ, ఎడమది 140 సెంటీమీటర్ల దూరంలోనూ ఉన్నాయి. శబ్దం ఒక మిల్లీసెకనులో 34.3 సెంటీమీటర్లు పోతుంది, కాబట్టి 60 సెంటీమీటర్ల తేడాకు కుడి స్పీకర్‌ను 1.75 మిల్లీసెకన్లు ఆలస్యం చేయాలి.

కానీ ట్వీటర్‌నూ తలుపు స్పీకర్‌నూ కలిపే చోట టేపు చాలదు. 2,350 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు పదిహేను సెంటీమీటర్ల లోపే ఉంటుంది, అంటే ఒక పూర్తి తరంగాన్ని 360 డిగ్రీలు అనుకుంటే, రెండు సెంటీమీటర్ల పొరపాటు దాదాపు యాభై డిగ్రీల ఫేజ్ తేడా అవుతుంది. పైగా ఫిల్టర్లూ కోన్లూ తమవంతు ఆలస్యాన్ని చేరుస్తాయి, వాటిని టేపు చూడలేదు. ఇక్కడ నేను ట్వీటర్ పొలారిటీని, అంటే ప్లస్ మైనస్‌లను, కావాలని తిరగేసి కొలుస్తాను. రెండు స్పీకర్లూ నిజంగా ఒకే అడుగులో నడుస్తుంటే, ఒకదాన్ని తిరగేయగానే క్రాస్‌ఓవర్ దగ్గర లోతైన గుంత పడాలి. టేపు లెక్క ప్రకారం కుడి ట్వీటర్‌కు తలుపు స్పీకర్ కంటే 0.35 మిల్లీసెకన్లు ఎక్కువ డిలే వేసినప్పుడు, తిరగేసినా తిరగేయకపోయినా గీతలో మూడు నాలుగు డెసిబెళ్ల తేడా మాత్రమే కనిపించింది. డిలేను 0.02 చొప్పున పెంచుతూ పోతే 0.43 దగ్గర గుంత 18 డెసిబెళ్ల లోతుకు దిగింది. అప్పుడు పొలారిటీని మళ్లీ మామూలుగా చేయగానే ఆ ప్రాంతం నిండుగా కలిసింది. గుంత కోసం వెతుకుతూ టేపు లెక్క నుంచి మరీ దూరం పోకూడదు, ఎందుకంటే ఒక పూర్తి తరంగం అవతల కూడా అలాంటి గుంతే దొరికి మోసం చేస్తుంది. అది ఇరుకుగా, ఒకవైపు ఒరిగినట్టు ఉంటుంది.

అపోహ: గీతలో ఎక్కడ గుంత ఉంటే అక్కడ ఈక్వలైజర్‌తో పెంచాలి.

ఈ కారులో ఎవరో 280 హెర్ట్జ్ దగ్గర ఆరు డెసిబెళ్లు పెంచి ఉంచారు, అయినా అక్కడి గుంత పూర్తిగా పూడలేదు. కుడి స్పీకర్‌నూ ఎడమ స్పీకర్‌నూ విడివిడిగా కొలిస్తే ఆ చోట రెండూ బాగానే ఉన్నాయి. రెండూ కలిసి మోగినప్పుడు మాత్రం ఒక్కటి మోగినప్పటికంటే తక్కువ శబ్దం వచ్చింది. 60 సెంటీమీటర్లు సరిగ్గా సగం తరంగం అయ్యే పౌనఃపున్యం 286 హెర్ట్జ్, అంటే అక్కడ ఒక స్పీకర్ తోస్తుంటే మరొకటి లాగుతోంది. ఈక్వలైజర్‌తో రెండింటినీ సమానంగా పెంచితే తోపూ లాగుడూ కలిసి పెరుగుతాయి, ఆంప్లిఫయర్ మీద భారం పెరుగుతుంది, రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడం మాత్రం ఆగదు. 1.75 మిల్లీసెకన్ల డిలే వేశాక ఆ గుంత దానంతట అదే పూడింది, పెంచిన ఆరు డెసిబెళ్లను తీసేశాను. కాకపోతే అది డ్రైవర్ సీటుకు మాత్రమే వర్తించే పరిష్కారం. ఎడమ సీటులో తేడా మరింత పెరుగుతుంది, అందుకే ఆ సీటు కోసం వేరే ప్రీసెట్ పెట్టి ఇచ్చాను.

ఒంటరిగా కొలిచిన స్పీకర్‌లోనే ఇరుకైన, లోతైన గుంత ఉంటే అది సాధారణంగా అద్దం నుంచో డ్యాష్‌బోర్డు నుంచో తిరిగొచ్చే శబ్దం వల్ల వచ్చినది, దాన్ని వదిలేయడమే మేలు. నేను ఎక్కువగా గుట్టలను తగ్గిస్తాను, వెడల్పైన పల్లాలను రెండు మూడు డెసిబెళ్లకు మించకుండా పెంచుతాను.

అపోహ: గీత బల్లపరుపుగా వస్తే శబ్దం బాగున్నట్టు.

ఆయన కోరిక మీద ఒకసారి నిజంగానే బల్లపరుపుగా చేసి వినిపించాను. రెండు పాటలు పూర్తికాక ముందే చెవులకు గుచ్చుకుంటోందన్నారు. కారులో 60 హెర్ట్జ్ కింద ఎనిమిది నుంచి పది డెసిబెళ్లు ఎత్తుగా ఉండి, అక్కడి నుంచి ట్రెబుల్ వైపు నెమ్మదిగా దిగే గీతే నిండుగా వినిపిస్తుంది, రోడ్డు చప్పుడులో మునిగిపోయే బేస్‌కు ఆ ఎత్తు అవసరం కూడా. ఆ గీత ఖచ్చితమైన ఆకారం కంటే, కుడి ఎడమ గీతలు ఒకదానిమీద ఒకటి ఒకటి రెండు డెసిబెళ్ల లోపు కూర్చోవడానికే నేను ఎక్కువ సమయం వెచ్చిస్తాను. గొంతు డ్యాష్‌బోర్డు మధ్యలో నిలబడేది దానివల్లే. ఈ కారులో 200 నుంచి 4,000 హెర్ట్జ్ వరకు అది కుదిరింది. దానిపైన ఎడమ ట్వీటర్ శబ్దం ముందు అద్దానికి తగిలి వస్తుండటంతో మూడు డెసిబెళ్ల తేడా మిగిలిపోయింది, ట్వీటర్ స్థానం మార్చనిదే అది పోదని చెప్పి పంపాను.