వీడియో మొదట్లో వచ్చే ‘పెయిడ్ ప్రమోషన్’ లేబుల్: అపోహలు - వాస్తవాలు

యూట్యూబ్‌లో కొన్ని వీడియోలు మొదలవగానే ఒక మూలన Includes paid promotion అని చిన్న అక్షరాలు కనిపిస్తాయి. పది సెకన్లకు పోతాయి. ఫోను పక్కన పెట్టి కూర తరుగుతూ వినేవాళ్లకు ఆ సంగతే తెలియదు. చూసినవాళ్లేమో దానికి లేని అర్థాలు చెప్పుకుంటున్నారు. ఇన్‌ఫ్లుయెన్సర్ మార్కెటింగ్‌లో పనిచేసేవాళ్లకు తరచూ వినబడే అపోహలు ఇవి.

అపోహ: యూట్యూబ్ వాళ్లే పరిశీలించి ఆ లేబుల్ వేస్తారు.

వీడియో పెట్టినవాళ్లే వేసుకుంటారు. యూట్యూబ్ స్టూడియోలో వీడియో వివరాల పేజీకి వెళ్లి, కిందికి దిగి Show more నొక్కితే Paid promotion అనే భాగం వస్తుంది. అక్కడ టిక్ పెడితే లేబుల్ వస్తుంది, పెట్టకపోతే రాదు. డబ్బు గానీ వస్తువు గానీ తీసుకుని ప్రచారం చేస్తే ఆ టిక్ పెట్టి తీరాలన్నది యూట్యూబ్ నియమం. అయితే కంపెనీకీ చానల్‌కీ మధ్య జరిగిన ఒప్పందం సాధారణంగా యూట్యూబ్ ముందుకు రాదు కాబట్టి, ఆ లేబుల్‌ను చానల్ ఇచ్చుకున్న వాంగ్మూలంగానే చదవాలి. అడుగున దాగి ఉండే సెట్టింగు కావడంతో హడావిడిలో అప్‌లోడ్ చేసినప్పుడు మరిచిపోవడమూ జరుగుతుంది.

మధ్యలో వీడియోను ఆపి వచ్చే యాడ్స్‌కీ దీనికీ సంబంధం లేదు. అవి యూట్యూబ్ అమ్ముకునే ప్రకటనలు, వాటి మీద Sponsored అని విడిగా రాసి ఉంటుంది. ఏ కంపెనీ యాడ్ వస్తుందో చాలాసార్లు చానల్‌కే తెలియదు. పెయిడ్ ప్రమోషన్‌లో మాత్రం కంపెనీ నేరుగా చానల్‌తో మాట్లాడుకుంటుంది.

అపోహ: లేబుల్ ఉందంటే వీడియో మొత్తం డబ్బుకు చెప్పిందే.

ఒక ఉదాహరణ చూద్దాం. పన్నెండు నిమిషాల గుత్తి వంకాయ కూర వీడియో, స్పాన్సర్ ఒక గానుగ నూనె కంపెనీ అనుకోండి. 2:10 దగ్గర నూనె సీసా చేతికొస్తుంది, 3:25కి పక్కకు వెళ్తుంది. మిగతాదంతా వంట. దీన్ని ఈ రంగంలో ‘ఇంటిగ్రేషన్’ అంటారు. అదే కంపెనీ నూనె గురించే పన్నెండు నిమిషాలూ మాట్లాడించుకుంటే అది ‘డెడికేటెడ్ వీడియో’. రెండింటికీ మొదట్లో పడేది అదే లేబుల్. స్పాన్సర్ ఎవరు, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, స్క్రిప్టు కంపెనీ పంపిందా, అప్‌లోడ్‌కు ముందు వాళ్లు చూసి మార్పులు అడిగారా అన్నవేవీ అందులో ఉండవు. ఇన్‌స్టాగ్రామ్‌లో Paid partnership పక్కన చాలాసార్లు బ్రాండు పేరు కనిపిస్తుంది, ఇక్కడ అదీ ఉండదు. లేబుల్ మీద నొక్కితే పెయిడ్ ప్రమోషన్ అంటే ఏమిటో చెప్పే గూగుల్ సహాయ పేజీ తెరుచుకుంటుంది తప్ప స్పాన్సర్ వివరాలు రావు.

కాబట్టి లేబుల్ కనబడగానే వీడియో ఆపేయనక్కర్లేదు, ఆ డెబ్బై అయిదు సెకన్లు ఎక్కడున్నాయో వెతకాలి. డిస్క్రిప్షన్ మొదటి వరుసల్లోనూ, పిన్ చేసిన కామెంట్‌లోనూ ఏ కంపెనీ లింకు ఉందో చూడండి. చానల్ పేరుతో డిస్కౌంట్ కూపన్ కోడ్ ఇచ్చారంటే, దాని ద్వారా ఎన్ని సీసాలు అమ్ముడయ్యాయో లెక్క చూసుకోవడానికే. మాట తీరు కూడా పట్టిస్తుంది. అప్పటిదాకా ‘ఉప్పు చూసుకోండి’ అంటున్న గొంతు ఒక్కసారిగా ‘శుద్ధమైన, సహజమైన, రసాయన రహితమైన’ అందుకుంటే అవి కంపెనీ పంపిన పాయింట్లు కావచ్చు.

ఆ భాగంలో చెప్పినదాన్ని విడిగా తూచాలి. ‘మా నూనెలో కొలెస్ట్రాల్ లేదు’ అన్నారనుకోండి. నిజమే, కానీ గింజల నుంచి తీసిన ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. నిజం చెబుతూనే ఈ సీసాకు ప్రత్యేకత అంటగట్టే వాక్యం అది. స్పాన్సర్ భాగం దాటాక కూడా ఒక్కటి గమనించండి: ఇదే కూరకు పాత వీడియోలో మూడు గరిటెల నూనె పోసి, ఇందులో ఆరు పోస్తుంటే, ప్రభావం 3:25 దగ్గర ఆగలేదన్న అనుమానం సబబే. పాత వీడియోతో పోల్చి చూడటాన్ని మించిన పరీక్ష ప్రేక్షకుల చేతిలో లేదు.

అపోహ: లేబుల్ లేదంటే అది సొంత అభిప్రాయమే.

మరిచిపోయినవాళ్లూ, కావాలని దాచినవాళ్లూ ఉంటారు. వాళ్లు కాక ‘డబ్బు తీసుకోలేదు కదా’ అని నిజంగా నమ్మేవాళ్లు ఇంకెందరో. కంపెనీ మిక్సీ పంపుతుంది, చానల్ వీడియో చేస్తుంది, డబ్బు చేతులు మారదు. దీన్ని ‘బార్టర్’ అంటారు. మన దేశంలో ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ ఆస్కీ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఉచిత వస్తువు, తగ్గింపు ధర, ప్రయాణం, హోటల్ బస అన్నీ కంపెనీతో ఉన్న, ప్రేక్షకులకు చెప్పి తీరాల్సిన సంబంధం కిందికే వస్తాయి. అడగకుండా పంపిన వస్తువైనా చెప్పాల్సిందే.

అఫిలియేట్ లింకు మరో దారి. అక్కడ వీడియోకు కాక, అమ్మకానికి కమీషన్ వస్తుంది. అలాంటి లింకు మాత్రమే ఉన్న వీడియోల్లో చాలావాటికి ఈ లేబుల్ కనబడదు. లింకు తెరిచాక బ్రౌజర్ అడ్రసు వరుస చూస్తే తెలుస్తుంది. అమెజాన్ ఇండియా లింకుల్లో అది ఇలా ఉంటుంది:

```
?tag=channelname-21
```

ఆ tag= ఉందంటే మీరు కొన్నదానిలో కమీషన్ ఎవరికో జమవుతుంది. అందులో తప్పేమీ లేదు, చెప్పి చేస్తే.

అపోహ: ఆ పది సెకన్ల లేబుల్ ఉంటే నియమం పాటించినట్టే.

యూట్యూబ్ నియమం వరకే. ఆస్కీ లెక్క వేరు. పదిహేను సెకన్ల లోపు వీడియోలో లేబుల్ కనీసం 3 సెకన్లు ఉండాలి. అంతకు మించి రెండు నిమిషాల లోపైతే వీడియో నిడివిలో మూడో వంతు, అంటే నిమిషం షార్ట్‌కు 20 సెకన్లు. రెండు నిమిషాలు, ఆపైన అయితే బ్రాండు గురించి మాట్లాడినంత సేపూ ఉండాలి. మన వంకాయ వీడియోలో 2:10 నుంచి 3:25 దాకా తెర మీద నిలవాలన్నమాట. మొదట్లో పది సెకన్లు మెరిసి పోయే లేబుల్ ఆ పని చేయదు. అందుకే పద్ధతిగా చేసే చానళ్లు ఎడిటింగ్‌లోనే ‘ప్రకటన’ అనో Ad అనో ఆ భాగమంతా వేస్తాయి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన సూచనలు ఇంకో మెట్టు ఎక్కాయి: వీడియోలో అక్షరాల్లోనూ ఉండాలి, నోటితోనూ చెప్పాలి, డిస్క్రిప్షన్‌లో రాసి వదిలేస్తే చాలదు. కూర తరుగుతూ వినేవాళ్లకు అక్కరకొచ్చేది ఆ నోటి మాటే.

అపోహ: లేబుల్ వేశారు కాబట్టి ఆ వస్తువుకు అనుమతి ఉన్నట్టే.

లేబుల్‌కు ఆ శక్తి లేదు. బెట్టింగ్ యాప్‌ల ప్రచారంపై 2025లో హైదరాబాద్‌లో ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద పోలీసు కేసులు నమోదయ్యాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలతో పాటు వాటి ప్రచారాన్నీ నిషేధిస్తూ అదే ఏడాది కేంద్రం చట్టం తెచ్చింది. టిక్ పెట్టి చేసినా అది నిషిద్ధ ప్రచారమే. మామూలు వస్తువుల విషయంలోనైనా తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి పది లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయవచ్చు. ప్రచారం చేసినవాళ్లను ఏడాది పాటు అలాంటి పనికి దూరంగా ఉంచనూవచ్చు.

ఫిర్యాదు చేయదలిస్తే వీడియో లింకుతో పాటు స్పాన్సర్ భాగం ఏ నిమిషంలో మొదలై ఎక్కడ ముగిసిందో రాసుకోండి. డిస్క్రిప్షన్, పిన్ చేసిన కామెంట్ స్క్రీన్‌షాట్లు ముందే తీసి పెట్టుకోండి, ఎందుకంటే ఆ రెండూ ఎప్పుడైనా మార్చేయవచ్చు. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి గానీ, ఆస్కీ వెబ్‌సైటులో గానీ ఇవ్వవచ్చు.